విడాకుల కాగితాల మీద సంతకాలు కాకముందే మనవడి సంగతి రాయించుకోండి

ప్రశ్న: మాది తెనాలి. మా అబ్బాయి, కోడలు హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసేటప్పుడు బాబుని ఐదో నెల నుంచి నాలుగేళ్లు వచ్చేదాకా వాళ్లింట్లోనే ఉండి నేనే పెంచాను. తర్వాత ఇద్దరికీ పడక విడిపోయారు. అబ్బాయి డాలస్ వెళ్లిపోయాడు. కోడలు బాబుతో వనస్థలిపురంలో పుట్టింట్లో ఉంటోంది. ఇప్పుడు వాడికి ఆరేళ్లు. ఎనిమిది నెలలుగా వాడి గొంతు కూడా వినలేదు, నా నంబర్ బ్లాక్ చేసింది. పుట్టినరోజుకి స్కూల్ దగ్గరికి వెళ్తే గేటు దగ్గరే ఆపేశారు. ఇద్దరూ ఒప్పుకుని విడాకులు తీసుకుంటున్నారు, లాయర్లు కాగితాలు రాస్తున్నారట. మా అబ్బాయి "వదిలేయమ్మా, మళ్లీ గొడవలెందుకు" అంటాడు. పక్కింటాయన సీనియర్ సిటిజన్ల చట్టం కింద ఆర్డీఓ దగ్గర పిటిషన్ పెట్టమంటున్నారు. నాయనమ్మ, తాతయ్యలకి ఏ హక్కూ లేదా? కేసు వేయాలా, ఊరుకోవాలా? (ఒక నాయనమ్మ, తెనాలి)

సమాధానం:

అమ్మా, ఊరుకోవద్దు. అలాగని ఈ వారమే కేసూ వేయొద్దు. మీ ఉత్తరంలో అన్నిటికన్నా ముఖ్యమైన మాట "కాగితాలు రాస్తున్నారట" అన్నది. అంటే ఇంకా సంతకాలు కాలేదు. పరస్పర అంగీకారంతో విడాకులు తీసుకునేటప్పుడు బాబు ఎవరి దగ్గర ఉండాలి, తండ్రి ఎప్పుడు చూడాలి, ఖర్చులెవరు పెట్టుకోవాలి అన్నీ ఒక ఒప్పంద పత్రంలో రాసుకుని కోర్టుకిస్తారు. ఆ పత్రంలో మీ గురించి ఒక పేరా పడేలా చూసుకోవడం మీ మొదటి పని. అది అయిపోతే మీకు విడిగా కేసు అవసరం లేకపోవచ్చు. ఆ పత్రంలో మీ ఊసే లేకుండా విడాకులు మంజూరైపోతే దారి మూసుకుపోదు గానీ, చాలా పొడుగైపోతుంది.

ముందు హక్కు సంగతి సూటిగా చెప్తాను. నాయనమ్మ తాతయ్యలకి, అమ్మమ్మ తాతయ్యలకి మనవల్ని చూసే హక్కు ఉందని విడిగా చెప్పే సెక్షన్ మన దేశంలో ఏ చట్టంలోనూ లేదు. 2015లో లా కమిషన్ తన 257వ నివేదికలో పిల్లల కస్టడీ చట్టాలు మార్చాలని చెప్తూ, తాతయ్య నాయనమ్మలతో గడిపే సమయం గురించి కూడా మార్గదర్శకాల్లో చేర్చింది. అది సిఫారసుగానే మిగిలింది, చట్టం కాలేదు. ఇంతవరకే చదివి "అయితే మాకేమీ లేదన్నమాట" అనుకోకండి. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం పిల్లల బంధువులకి గార్డియన్‌షిప్ కోసం కోర్టుకి వెళ్లే అవకాశం ఇస్తుంది, అది అన్ని మతాల వాళ్లకీ వర్తిస్తుంది. 1984 నాటి ఫ్యామిలీ కోర్టుల చట్టం ఏడో సెక్షన్లో ఫ్యామిలీ కోర్టు వినగల వ్యవహారాల్లో కస్టడీతో పాటు మైనర్‌ని కలిసే అనుమతి కూడా ఉంది, అది తల్లిదండ్రులు మాత్రమే అడగాలని అక్కడ రాయలేదు. కాబట్టి మీరు తలుపు తట్టవచ్చు. తెరిచేది మాత్రం "నేను నాయనమ్మని, నా రక్తం" అన్న మాట విని కాదు. మిమ్మల్ని కలవడం ఆ పిల్లాడికి మంచిదా కాదా అన్నదొక్కటే జడ్జిగారు చూస్తారు. ఈ రకం కేసులన్నిటికీ పునాది పిల్లల సంక్షేమమే, మిగతావన్నీ దాని తర్వాతే.

పక్కింటాయన చెప్పిన ఆర్డీఓ దారి మీకు పనికిరాదు. 2007 నాటి ఆ సీనియర్ సిటిజన్ల చట్టం వృద్ధులైన తల్లిదండ్రుల పోషణ గురించి, పిల్లలకి రాసిచ్చిన ఆస్తి గురించి. ఆర్డీఓ నడిపే ఆ ట్రిబ్యునల్‌కి మనవడిని చూపించమని మీ కోడల్ని ఆదేశించే అధికారం లేదు. పైగా నోటీసు చూసి ఆమె "నా మీద కేసు పెట్టారు" అని ఇంకా బిగుసుకుపోతుంది. ఈలోపు ఒప్పంద పత్రం మీద సంతకాలైపోతే మీరు రెండు విధాలా నష్టపోతారు.

ఇక అసలు దారి మీ అబ్బాయి. విడాకుల కేసులో పార్టీలు భార్యాభర్తలిద్దరే, మీరు కాదు. హిందూ వివాహ చట్టం 26వ సెక్షన్ కింద ఆ కేసులోనే బాబు గురించి ఆదేశాలు ఇవ్వగల కోర్టుకి అడగాల్సిన మనిషి తండ్రి. ఆయన అడగకుండా మీరు బయట నిలబడి ఎంత అడిగినా బలం తక్కువ. తండ్రే నోరెత్తనప్పుడు నాయనమ్మకేమిటి తొందర అని అవతలి లాయర్ మొదటి వాయిదాలోనే అంటాడు. మీ అబ్బాయి "వదిలేయమ్మా" అంటున్నాడంటే వాడికి మీ మీద ప్రేమ లేక కాదు, అలిసిపోయి ఉంటాడు, ఎలాగోలా ఇది తెగిపోతే చాలనుకుంటున్నాడు. అందుకని వాడితో మాట్లాడేటప్పుడు మీ బాధ గురించి కాకుండా వాడి సంగతే చెప్పండి: "నాన్నా, నువ్వు డాలస్‌లో ఉంటావు, ఏడాదికోసారి వస్తావో రెండేళ్లకోసారి వస్తావో తెలియదు. మధ్యలో వాడికి నీ వైపు మనుషులంటూ ఎవరూ తెలియకపోతే నువ్వు వచ్చినప్పుడు కూడా వాడు నీ దగ్గరికి రాడు. నువ్వు రాలేని రోజుల్లో నీ బదులు మేం చూస్తాం. దానికి నువ్వు కొత్తగా గొడవ పెట్టక్కర్లేదు, రాసే కాగితంలో ఒక పేరా చేర్పించు చాలు." ఇది వాడికి అర్థమవుతుంది, లాయర్‌కీ తేలిగ్గా రాయగలిగిన విషయం.

ఆ పేరా ఎలా ఉండాలో చెప్తాను, ఎందుకంటే నేను చూసిన ఒప్పందాల్లో సగం ఇక్కడే చెడిపోతాయి. "తండ్రికి, ఆయన కుటుంబ సభ్యులకి బాబుని చూసే సౌకర్యం ఉంటుంది" అని ఒక్క వాక్యం రాసి వదిలేస్తారు. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అన్నది లేదు కాబట్టి ఆమె చూపించకపోయినా ఆదేశం ఉల్లంఘించిందని నిరూపించలేరు. 2020లో సుప్రీంకోర్టు యశితా సాహు కేసులో ఇదే చెప్పింది, కలుసుకునే ఏర్పాటు ఏ రోజు ఎలా అన్నది కోర్టులు స్పష్టంగా రాయాలని, దూరంగా ఉన్నవాళ్లకి వీడియో కాల్ లాంటి సంబంధం కూడా ఉండాలని. అది తల్లిదండ్రుల గురించి చెప్పిన మాట, కానీ మీ పేరాకీ అదే కొలత. మీ అబ్బాయి లాయర్‌కి ఇలా రాసి పంపమనండి, ఆయన తన భాషలోకి మార్చుకుంటారు:

"తండ్రి భారతదేశంలో లేని కాలంలో ఆయన తల్లిదండ్రులు ప్రతి నెలా మొదటి ఆదివారం ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 1 గంట వరకు వనస్థలిపురంలో ఇరువైపులా ఒప్పుకున్న చోట బాబుని కలుస్తారు. మొదటి మూడు నెలలు తల్లి గానీ, ఆమె తల్లిదండ్రుల్లో ఒకరు గానీ అక్కడ ఉండవచ్చు. ఆ తర్వాత సాయంత్రం 5 వరకు వారు బాబుని తమ వెంట హైదరాబాద్‌లోనే తీసుకెళ్లి తిరిగి అప్పగిస్తారు. ప్రతి బుధవారం సాయంత్రం 7 గంటలకు తల్లి పది నిమిషాలు వీడియో కాల్ కలుపుతుంది. సంక్రాంతి సెలవుల్లో మూడు రోజులు, వేసవిలో ఒక వారం బాబు తెనాలిలో ఉంటాడు, ఇది రెండో ఏడాది నుంచి. బాబుకి ఒంట్లో బాగాలేక కలవడం కుదరకపోతే వచ్చే ఆదివారం కలుస్తారు. బాబు పాస్‌పోర్టు తల్లి దగ్గరే ఉంటుంది. తల్లి రాతపూర్వక అనుమతి లేకుండా ఆంధ్రప్రదేశ్, తెలంగాణ దాటి బాబుని తీసుకెళ్లరు."

చివరి రెండు వాక్యాలు చూసి "మమ్మల్ని దొంగల్లా రాశారేమిటి" అనుకోకండి. అవి మీకోసమే. మీ కోడలి స్థానంలో నిలబడి ఒక్కసారి ఆలోచించండి. భర్త అమెరికాలో ఉన్నాడు, పిల్లాడిని అత్తగారింటికి పంపితే అక్కడి నుంచి అటే ఎక్కించేస్తారేమో, తిరిగి పంపకుండా తెనాలి స్కూల్లో వేసేస్తారేమో అన్న భయం ఆమెకి ఉండి తీరుతుంది. ఆమె ఆ మాట బయటికి చెప్పదు, "బాబుకి ఇష్టం లేదు" అంటుంది. ఆ భయానికి మీరే ముందుగా కాగితం మీద జవాబిస్తే ఆమె లాయర్‌కి అభ్యంతరం చెప్పడానికి మిగిలేది తక్కువ. మొదటి మూడు నెలలు ఆమె వైపు మనిషి పక్కన ఉండొచ్చని రాయడమూ ఇందుకే. మీరు మూడున్నరేళ్లు స్నానం చేయించి పెంచిన పిల్లాడిని వియ్యపురాలి కాపలాలో కూర్చుని చూడటం మనసుకి కష్టమే, నాకు తెలుసు. కానీ ఆ మూడు నెలలు సాఫీగా గడిచాయన్నదే తర్వాత మీరు ఏం అడగాలన్నా పెద్ద ఆధారం అవుతుంది.

ఖమ్మం వైపు ఒక పెద్దాయన, ఆయన భార్య ఇలాగే వచ్చారు నా దగ్గరికి, మనవరాలి కోసం. వాళ్లు అంతకుముందే ఒక పిటిషన్ వేసుకుని ఉన్నారు, ప్రతి శనివారం సాయంత్రం నుంచి ఆదివారం రాత్రి దాకా పాప తమ దగ్గరే ఉండాలని. కోడలు కోర్టుకిచ్చిన జవాబులో పాప ఆ ఇంట్లో ఎప్పుడూ ఒక్కరోజు మించి లేదని, వాళ్ల పేరు చెప్తేనే ఏడుస్తోందని రాసింది. వాయిదాలు పడుతూ పోయాయి, ఏడాది గడిచినా పాప ముఖం చూడలేదు. చివరికి కోర్టు మధ్యవర్తిత్వానికి పంపితే అక్కడ పెద్దావిడే అంది, నెలకి రెండు గంటలు చాలమ్మా, మీ అమ్మగారి ఎదురుగానే, ఆ పార్కులోనే అని. కోడలు ఆ రోజే సంతకం పెట్టింది. మూడో నెలకి పాపే నానమ్మతో ఐస్‌క్రీం కొట్టు దాకా నడిచి వెళ్తానంది, అమ్మమ్మ పంపింది. ఆ తర్వాత దసరా సెలవుల్లో రెండు రోజులు వెళ్లడానికి కొత్త ఆర్డర్ అక్కర్లేకపోయింది, ఒక మెమో వేసుకున్నారు అంతే. మొదట అడిగిన వారాంతాలన్నీ వాళ్లకి ఇప్పటికీ రాలేదు, రావు కూడా. కానీ పాప వాళ్లని ఎరుగుతుంది.

ఇప్పుడు మీ అబ్బాయి ఎంత చెప్పినా కదలకపోతేనో, కోడలి వైపు వాళ్లు ఆ పేరాని కొట్టేస్తేనో ఏం చేయాలంటే, అప్పుడు మీరు మీ పేరు మీదే పిటిషన్ వేయాలి. తెనాలిలో కాదు, గుంటూరులో కాదు. గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం పిల్లాడు మామూలుగా ఎక్కడ ఉంటున్నాడో అక్కడి కోర్టులోనే వేయాలి. వనస్థలిపురం కాబట్టి ఎల్‌బీ నగర్‌లోని రంగారెడ్డి జిల్లా ఫ్యామిలీ కోర్టు. తెనాలిలో వేస్తే పరిధి లేదని తిప్పి పంపుతారు, ఈలోపు నెలలు పోతాయి. మీ ఊరి లాయర్ "ఇక్కడే వేసేద్దాం అమ్మా" అంటే ఈ సెక్షన్ గుర్తు చేయండి.

ఆ పిటిషన్లో ఏం అడగకూడదో ముందు చెప్తాను: కస్టడీ అడగొద్దు. తల్లీ తండ్రీ ఇద్దరూ బతికి ఉండి, వాళ్లలో ఎవరూ పనికిరారని కోర్టు తేల్చనంత వరకు మూడో మనిషిని గార్డియన్‌గా పెట్టడానికి అదే చట్టం 19వ సెక్షన్ అడ్డు వస్తుంది. కొందరు లాయర్లు పెద్దది అడిగితే చిన్నది దొరుకుతుందని కస్టడీ కూడా కలిపి రాస్తారు. తల్లి చేతిలోంచి పిల్లాడిని లాక్కోవడానికి వచ్చారన్న ముద్ర ఒకసారి పడ్డాక మీరు నెలకి మూడు గంటలే అడుగుతున్నామన్నా ఎవరూ నమ్మరు. కలిసే అనుమతి మాత్రమే అడగండి, ఆ పేరాలో రాసినట్టే రోజులు, గంటలు పెట్టి అడగండి. ప్రధాన పిటిషన్‌తో పాటే ఒక ఐఏ, అంటే మధ్యంతర దరఖాస్తు కూడా వేయించండి, కేసు తేలేలోపు తాత్కాలికంగా కలవనివ్వమని. అసలు పిటిషన్ తేలడానికి ఏడాది, రెండేళ్లు పట్టొచ్చు, ఆరేళ్ల పిల్లాడికి అంత కాలంలో మీ ముఖమే మర్చిపోయే వయసు. అందుకని మీ లాయర్ శ్రద్ధ అంతా మొదట ఈ ఐఏ మీద ఉండాలి. సాధారణంగా తాత్కాలిక ఆదేశం వస్తే కోర్టు ఆవరణలోనో, అక్కడ పిల్లల కోసం పెట్టిన గదిలోనో ఒకటి రెండు గంటలు కలవమంటారు. ఆ గది మీకు నచ్చదు, బాబుకీ నచ్చదు. అయినా వెళ్లండి, ఒక్క వాయిదా కూడా మానకుండా వెళ్లండి.

ఖర్చు గురించి భయపడుతున్నారేమో. ఆడవాళ్లకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది, 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ కింద. కాబట్టి పిటిషన్ మీ పేరు మీదే ఉండనివ్వండి, మీవారిని రెండో పిటిషనర్‌గా చేర్చుకోవచ్చు. 15100 నంబర్‌కి ఫోన్ చేస్తే రంగారెడ్డి జిల్లా న్యాయ సేవాధికార సంస్థకి ఎలా దరఖాస్తు పెట్టుకోవాలో చెప్తారు. అక్కడ ఇంకో మేలు కూడా ఉంది, కేసు వేయకముందే ఇరువైపులా పిలిచి మాట్లాడించే ఏర్పాటు ఉంటుంది. కోర్టు నోటీసు కన్నా అది మీ కోడలికి తక్కువ అవమానంగా ఉంటుంది. నన్నడిగితే మీ అబ్బాయి దారి మూసుకుపోయిన పక్షంలో మొదట ఈ తలుపే తట్టండి, పిటిషన్ ఆ తర్వాత.

ఆధారాల సంగతి. పిల్లాడితో మీకున్న బంధం ఇప్పటికే ఉన్నదని, దాన్ని తెంచితే వాడికి నష్టమని చూపించగలగడం ఇక్కడ కీలకం. ఎప్పుడూ చూడని మనవడిని చూపించమని అడిగేవాళ్లకన్నా మీ స్థితి చాలా గట్టిది, ఎందుకంటే వాడిని పెంచింది మీరు. దాన్ని నోటితో చెప్పకుండా కాగితాలతో చూపించండి. టీకాల కార్డు మీ దగ్గర ఉందా? ప్లే స్కూల్ డైరీలో రోజూ సంతకం పెట్టింది మీరేనా? పిల్లాడిని తీసుకెళ్లే మనిషిగా స్కూల్ ఫారంలో మీ పేరుందా? పిల్లల డాక్టర్ చీటీలు, ఆ రోజుల్లో "అత్తయ్యా, వాడు అన్నం తిన్నాడా" అని కోడలు ఆఫీసు నుంచి పంపిన మెసేజ్‌లు? ఆ చివరిది అన్నిటికన్నా విలువైంది. మిమ్మల్ని నమ్మి పిల్లాడిని వదిలి ఆఫీసుకెళ్లిందని ఆమె మాటల్లోనే తెలుస్తుంది. ఫోన్ మార్చేలోపు వాటిని తేదీలు కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి, ఫోన్‌లో ఉన్న అసలువి కూడా అలాగే ఉంచండి.

కొన్ని పనులు మాత్రం దయచేసి చేయకండి. మళ్లీ స్కూల్ దగ్గరికి వెళ్లొద్దు. గేటు దగ్గర ఆపారంటే బహుశా కోడలు స్కూల్‌కి ముందే రాసిచ్చి ఉంటుంది, మీరు రెండోసారి వెళ్తే పోలీసులకి ఫిర్యాదు వెళ్తుంది, అది కోర్టు కాగితాల్లో "పిల్లాడిని ఎత్తుకెళ్లే ప్రయత్నం" అయి కూర్చుంటుంది. కుల పెద్దల్నో, ఊరి నాయకుడినో వనస్థలిపురం పంపొద్దు, ఆ ఇంటి ముందు నలుగురు పోగైన రోజుతో మాటలు ఆగిపోతాయి. మీ అబ్బాయి బాబు ఖర్చులకి డబ్బు పంపుతుంటే "చూపించేదాకా ఆపెయ్" అని చెప్పకండి. పోషణ ఖర్చు, కలిసే అనుమతి రెండూ ఒకదానికొకటి బదులు కావు. డబ్బు ఆపిన తండ్రి పిల్లాడి మేలు కోరుతున్నాడంటే ఏ జడ్జీ నమ్మరు. కలిసినప్పుడు బాబు మాటల్ని ఫోన్‌లో రికార్డు చేయొద్దు, "అమ్మ దగ్గరికి ఎవరెవరు వస్తున్నారు, అమ్మమ్మ కొడుతోందా" అని ఆరా తీయొద్దు. కావాలంటే జడ్జిగారే బాబుని ఛాంబర్‌లోకి పిలిచి మాట్లాడతారు. ఇలా అడిగించుకున్న పిల్లలు అక్కడ "నానమ్మ నన్ను ప్రశ్నలు అడుగుతుంది" అని చెప్పేస్తారు.

మొదటిసారి కలిసే రోజు గురించి కూడా నాలుగు మాటలు, ఎందుకంటే చాలా కేసులు ఆర్డర్ వచ్చాక అక్కడే పాడవుతాయి. మీరు ఎనిమిది నెలలు ఎదురుచూసి వెళ్తారు, వాడు పరిగెత్తుకుని వచ్చి మెడ పట్టుకుంటాడనుకుంటారు. రాకపోవచ్చు. తల్లి చీర వెనక దాక్కోవచ్చు, "నేను రాను" అనొచ్చు. అది మీ మీద అయిష్టం అనుకోకండి, తల్లి ఎదురుగా మిమ్మల్ని ప్రేమగా పలకరిస్తే తల్లి బాధపడుతుందేమో అని ఆరేళ్ల పిల్లలు కూడా లెక్క వేసుకుంటారు. మీరు ఏడవకండి, వాడి ముందు అస్సలు ఏడవకండి. వెళ్లగానే ఎత్తుకోకండి, కాస్త దూరంలో కూర్చుని వాడికి తెలిసిన పని ఏదైనా చేయండి. చిన్నప్పుడు మీ పక్కన కూర్చుని చేసేవాడు కదా, కాగితం పడవో, బొమ్మల పుస్తకమో, ఏదుంటే అది. పావుగంటలో వాడే వస్తాడు, రాకపోతే రెండోసారి వస్తాడు. పెద్ద పెద్ద బొమ్మలు, సైకిళ్లు తీసుకెళ్లొద్దు, వాటిని ఇంటికి తీసుకెళ్లడం దగ్గర మళ్లీ గొడవ. అమ్మ గురించి మాట వస్తే "అమ్మ బాగుందా నాన్నా" అని ఊరుకోండి. వెళ్లేటప్పుడు మళ్లీ ఎప్పుడు వస్తారో రోజు చెప్పి వెళ్లండి, చెప్పిన రోజుకి తప్పకుండా వెళ్లండి.

ఆర్డర్ ఉన్నా చూపించకపోతే? మొదటిసారి, రెండోసారి జ్వరమనో పెళ్లనో అంటే ఊరుకుని, వచ్చే ఆదివారానికి మెసేజ్ పెట్టండి, గొడవపడొద్దు. కానీ ఒక నోట్‌బుక్‌లో తేదీ, మీరు ఎన్ని గంటలకి అక్కడికి చేరారు, ఏం చెప్పారు అని రాసుకోండి, బస్సు టికెట్ అందులోనే పెట్టండి. అదే సాకు వరుసగా నడుస్తుంటే ఆ పుస్తకంతో మీ లాయర్ ఆర్డర్ అమలు చేయించమని ఈపీ, అంటే అమలు పిటిషన్ వేస్తారు. పిల్లల గురించి కోర్టు ఇచ్చే ఆదేశాలు ఏవీ శాశ్వతం కావు, పరిస్థితి మారిందని చూపిస్తే మార్చమని అడగవచ్చు. అది మీకూ వర్తిస్తుంది, ఆమెకీ వర్తిస్తుంది. సాయంత్రం 5కి అప్పగించాల్సింది మీరు 8కి అప్పగిస్తే ఆ తేదీ ఆమె నోట్‌బుక్‌లోకి ఎక్కుతుంది.

ఇదే పరిస్థితిలో ఉన్న ఇంకొందరు కూడా ఇది చదువుతారు కాబట్టి రెండు తేడాలు చెప్పాలి. కోడలు పెట్టిన వేధింపుల కేసులో అత్తమామలు కూడా నిందితులుగా ఉంటే, లేదా గృహహింస చట్టం కింద దగ్గరికి రావద్దని ఆదేశం ఉంటే, ఆమెకి గానీ పిల్లాడికి గానీ నేరుగా ఫోన్ కూడా చేయకండి, సాక్షిని బెదిరించారన్న ఆరోపణ వస్తే బెయిల్ మీదకే వస్తుంది. ఏదైనా లాయర్ ద్వారానే నడవాలి. ఇక పిల్లాడు తండ్రి దగ్గర ఉండిపోయి, అమ్మమ్మ తాతయ్యలు చూడలేకపోతున్న ఇళ్లూ ఉన్నాయి. వాళ్లకీ పైన చెప్పిందంతా అదే, కొడుకు బదులు కూతురు అనుకుని చదువుకోవడమే.

మీరు ఈ వారంలో చేయాల్సింది రెండే పనులు. ఒకటి, మీ అబ్బాయికి ఫోన్ చేసి ఆ పేరా పంపడం, సంతకం పెట్టే తేదీ ఎప్పుడో కనుక్కోవడం. రెండోది, కోడలు మీ నంబర్ బ్లాక్ చేసింది కదా, కాబట్టి వియ్యంకుడుగారికి ఒకే ఒక్క మెసేజ్ పెట్టండి. ఒక్కటే, దానికి జవాబు రాకపోతే మళ్లీ పెట్టొద్దు. మీవారి చేత కాదు, మీ పేరు మీదే పెట్టండి. నేనైతే ఇలా రాస్తాను, మీకు నచ్చినట్టు మార్చుకోండి:

"అన్నయ్యగారూ, నమస్కారం. పిల్లలిద్దరి మధ్యా జరిగిన దాని గురించి నేనేమీ మాట్లాడను. బాబు తల్లి దగ్గరే ఉండాలన్నదే మా మాట కూడా. నెలకొక్కసారి మీ ఇంటి దగ్గరే, మీరో వదినగారో ఉండగా రెండు గంటలు వాడిని చూసి వెళ్తాం. వాడిని ఎక్కడికీ తీసుకెళ్లం, ఏమీ అడగం. అమ్మాయికి ఇష్టమైన రోజు చెప్పమనండి, ఆ రోజు వస్తాం."